‘బాగున్నారా’ నుంచి ‘చెప్పండి’ దాకా

పని పడి ఒకరికి ఫోన్ చేస్తాం. ఏం అడగాలో, ఎలా అడగాలో మనసులో ఒకటికి రెండుసార్లు అనుకునే చేస్తాం. అవతలివాళ్లు ఫోనెత్తి మన గొంతు గుర్తుపట్టి, ‘ఆఁ, బాగున్నారా? ఇంట్లో అందరూ బాగున్నారా?’ అంటారు. అంతే, అనుకున్న మాటల వరస చెదిరిపోతుంది. బాగున్నామని ఒక్క ముక్కలో తేల్చి పనిలోకి దిగితే, పని ఉంటేనే గుర్తొస్తామా అనుకుంటారేమోనని భయం. పోనీ కబుర్లలో పడితే అసలు మాట ఎక్కడ ఎత్తాలో తెలియదు. చివరికి ఫోన్ పెట్టేసే ముందు, చెప్పులేసుకుంటూ గుమ్మంలో అడిగినట్టు, ‘అన్నట్టు, మర్చిపోయాను…’ అంటూ బయటపెడతాం. మర్చిపోలేదని ఇద్దరికీ తెలుసు.

ఈ ‘బాగున్నారా’కీ, అసలు పనికీ మధ్య గడిచేది అరనిమిషమో, రెండు నిమిషాలో. పని అవుతుందా లేదా అన్నది చాలాసార్లు ఆ కాస్త వ్యవధిలోనే తేలిపోతుంది. అందుకే దాన్ని కాస్త దగ్గరగా చూద్దాం.

ఫోన్లు రాని రోజుల్లో ఈ చిక్కు లేదు. ఉత్తరానికి ఒక చట్రం ఉండేది. ‘మహారాజశ్రీ బావగారికి నమస్కరించి వ్రాయునది’ అని మొదలుపెట్టి, ‘ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను’ అని రెండువైపుల క్షేమమూ రాసేవారు. అంత రాసే ఓపిక లేనివాళ్లు ‘ఉభయకుశలోపరి’ అని ఒక్క మాటతో సరిపెట్టేవారు. ఆ తర్వాత ‘విషయమేమనగా’ అని పనిలోకి వచ్చేవారు. ఎంత అప్పు అడగబోతున్నా, ఎంత చేదు కబురు చెప్పబోతున్నా దాని చోటు ‘విషయమేమనగా’ తర్వాతే. చదివేవాళ్లకీ అది తెలుసు కాబట్టి, కుశలం అడిగి పని చెప్పాడని ఎవరూ తప్పుపట్టేవారు కాదు. అయితే ఉత్తరంలో రెండు వైపులా ఒక్క మనిషే రాస్తాడు, అవతలివాళ్లు క్షేమంగా ఉన్నారని తనే తలుచుకుంటాడు. ఫోన్లో ఆ సౌకర్యం లేదు. అవతలివాళ్లు నిజంగానే జవాబు చెబుతారు, ఆ జవాబు ఎలా ఉంటుందో ముందుగా తెలియదు.

ఫోన్ సంభాషణలు ఎలా మొదలవుతాయో శ్రద్ధగా గమనించిన మనిషి ఇమాన్యుయేల్ షెగ్లాఫ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త. ఒక నగర పోలీసు విభాగానికి వచ్చిన సుమారు 500 ఫోన్ కాల్స్ రికార్డింగులు తీసుకుని, మొదటి కొన్ని క్షణాల్లో ఎవరు ముందు మాట్లాడుతున్నారు, ఏ మాట తర్వాత ఏ మాట వస్తోంది అని చూశారాయన. ఆ వ్యాసం 1968లో వచ్చింది. తర్వాత ఇళ్లల్లో మాట్లాడుకునే మామూలు ఫోన్లనూ పరిశీలించి 1986లో ఇంకో వ్యాసం రాశారు. ఆయన చెప్పిన వరస మనకీ తెలిసిందే. గంట మోగడం, పలకడం, ఎవరో గుర్తుపట్టుకోవడం, నమస్కారం, బాగున్నారా అంటే బాగున్నారా అనుకోవడం. ఇవన్నీ అయ్యాక ‘ఇంతకీ ఫోన్ ఎందుకు చేశానంటే’ అన్నదానికి చోటు వస్తుంది. ఆ చోటు దాకా రాకముందే ఎవరైనా పని ఎత్తారంటే, అది అత్యవసరమని వినేవాళ్లు అనుకుంటారు. అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ చేసి కుశలం అడగం. అలాగే, కుశలం అడగకుండా ‘మామయ్యా, అర్జంటుగా డబ్బు కావాలి’ అంటే, ఆస్పత్రి నుంచి చేస్తున్నాడేమో అని అవతల గుండె ఝల్లుమంటుంది. ఆస్పత్రి కాదని తెలిశాక ఆ కంగారే కోపంగా మారుతుంది.

అలాగని కుశలప్రశ్న దాటాల్సిన గేటు మాత్రమే అనుకుంటే పొరపాటు. ఇలాంటి పలకరింపుల్లో సమాచారమేమీ ఉండదని, మనుషుల్ని దగ్గర చెయ్యడమే వాటి పని అని మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ 1923లోనే రాశారు. ఆ మాట సగమే నిజమని నాకనిపిస్తుంది. తెలుగిళ్లల్లో ‘బాగున్నారా’కి వచ్చే జవాబులో సమాచారం బోలెడంత ఉంటుంది. అది మాటలో కన్నా మాట వచ్చే తీరులో ఉంటుంది.

‘ఆఁ, బాగున్నామండీ! మీరు బాగున్నారా?’ అని వెంటనే, గట్టిగా వస్తే అక్కడ చెప్పుకోవాల్సిన కష్టమేదీ లేదు, లేదా మీకు చెప్పే ఉద్దేశం లేదు. రెండింట్లో ఏదైనా తవ్వకూడదు. అదే ‘ఆఁ…’ అని సాగదీసి, ఒక్క క్షణం ఆగి, ‘ఏదో… పర్లేదు’ అన్నారనుకోండి. లేకపోతే ‘ఏదో అలా నడుస్తోంది’, ‘ఉన్నాం, ఇలా’ అన్నారనుకోండి. అక్కడ తలుపు ఓరగా తెరిచి ఉంది. సంభాషణల మీద పనిచేసిన గేల్ జెఫర్సన్ 1980లో రాసిన ఒక వ్యాసంలో సరిగ్గా ఈ రకం జవాబులనే పట్టుకున్నారు. కష్టం ఉన్న మనిషి ‘బాగాలేను’ అని నేరుగా అనడం తక్కువ. బాగున్నానన్న మాటనే ఒక మెట్టు దించి చెబుతారు. వినేవాడు పట్టించుకుని అడిగితే కష్టం బయటికొస్తుంది, అడగకపోతే మాట పనిలోకి వెళ్లిపోతుంది. తర్వాత ఎవరూ ఎవరినీ తప్పుపట్టలేరు, ఎందుకంటే పైకి అన్నది ‘పర్లేదు’ అనే కదా.

మరి బాగాలేకపోయినా బాగున్నామని ఎందుకంటాం? దీనికి హార్వే సాక్స్ చెప్పిన కారణం నాకు చాలా నచ్చుతుంది. బాగాలేదంటే అడిగినవాళ్లు ‘అయ్యో, ఏమైంది?’ అనక తప్పదు. అలా అడిగితే మనం చెప్పక తప్పదు. కానీ ప్రతి కష్టమూ ప్రతివాళ్లకీ చెప్పేది కాదు. కూతురి కాపురం సంగతి కిరాణా కొట్టు యజమానికి చెప్పలేం కదా. అందుకని ఆ దారి తెరవకుండా ముందే బాగున్నామంటాం. అందరూ అబద్ధమాడక తప్పదంటూ 1975లో వచ్చిన ఆయన వ్యాసం చెప్పేది ఇదే. ఇందులో కపటం లేదు. ఎవరికి ఎంత చెప్పాలన్న హద్దు మాత్రం ఉంది. దీన్నిబట్టి, పని మీద ఫోన్ చేసినవాడికి ‘పర్లేదు’ అని వినిపించిందంటే, అవతలి మనిషి తనని ఆ హద్దుకి లోపలివాడిగానే లెక్కేశాడన్నమాట. దాన్ని దాటేసి ‘సరే, ఒక చిన్న పని’ అంటే, పని అయినా మనసు విరుగుతుంది.

ఇప్పుడొక ఉదాహరణ. విజయవాడలో ఒక కుర్రాడున్నాడనుకుందాం. ఐదు లక్షల చీటీ పాడుకున్నాడు. చీటీ పాడుకున్నవాడు మిగిలిన వాయిదాలకి తగిన హామీ చూపిస్తేనే కంపెనీ సొమ్ము చేతిలో పెడుతుంది, 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టంలోనూ ఆ ఏర్పాటు ఉంది. అతనికి ఇంకా 18 వాయిదాలున్నాయి. జీతం సర్టిఫికెట్ ఉన్న ఒక ప్రభుత్వ ఉద్యోగి ష్యూరిటీ సంతకం పెట్టాలన్నారు. మేనమామ గుడివాడ దగ్గర ఒక ఊళ్లో బడిపంతులు. కిందటి నెల అత్తయ్యకి కంట్లో శుక్లం తీశారు. మేనల్లుడు ఫోన్ చేశాడు.

‘ఏరా, బాగున్నావా? చాన్నాళ్లకి గుర్తొచ్చాం!’ అన్నాడు మామయ్య.

‘బాగున్నా మామయ్యా. మీరెలా ఉన్నారు, అత్తయ్య బాగుందా, అందరూ కులాసానా? ఏం లేదు మామయ్యా, ఒక చిన్న సంతకం కావాలి.’

మాటల్లో లోటేమీ లేదు. బాగున్నానన్నాడు, మామయ్యని అడిగాడు, అత్తయ్యని కూడా అడిగాడు. అయినా అవతల మామయ్య మొహం ఎలా మారిందో మనకి కనిపిస్తూనే ఉంది. మూడు ప్రశ్నలు ఒకే ఊపిరిలో అడిగి జవాబుకి చోటివ్వలేదు. ‘చాన్నాళ్లకి గుర్తొచ్చాం’ అన్న దెప్పు గాల్లోనే ఉండిపోయింది. ఆపరేషనైన మనిషిని ‘బాగుందా’ అని ఊళ్లో అందరితో కలిపి అడిగాడు. వీటన్నిటికన్నా పెద్ద తప్పు ‘చిన్న సంతకం’ అనడం. తను వాయిదాలు ఎగ్గొడితే మామయ్య జీతం మీదికొచ్చే సంతకం అది. చిన్నదో పెద్దదో పెట్టేవాడు చెప్పాలి గానీ అడిగేవాడు కాదు.

అదే ఫోను ఇంకోలా నడిస్తే ఎలా ఉంటుందో చూడండి.

‘ఏరా, బాగున్నావా? చాన్నాళ్లకి గుర్తొచ్చాం!’

‘బాగున్నాను మామయ్యా. మీరన్నది నిజమే, దసరాకి వస్తానని చెప్పి రాలేదు. అత్తయ్య కన్ను ఎలా ఉంది ఇప్పుడు? చుక్కలు ఇంకా వేస్తున్నారా?’

‘ఆఁ… ఏదో, పర్లేదురా.’

‘పర్లేదంటే? మసక తగ్గలేదా?’

‘మసక తగ్గింది గానీ నీళ్లు కారుతున్నాయి. సోమవారం మళ్లీ రమ్మన్నారు. నేను బడికి సెలవు పెట్టాలి.’

‘నీళ్లు కారడం ఎన్నాళ్ల నుంచి?’

‘మూణ్ణాలుగు రోజులైంది. మీ అత్తయ్య మాట వింటే కదా, పొయ్యి దగ్గరికి వెళ్లొద్దన్నా వెళ్తుంది.’

ఇద్దరూ కాస్త నవ్వారు. తర్వాత మామయ్యే అన్నాడు: ‘సరే, చెప్పరా. ఏంటి సంగతి?’

‘ఒక పని కూడా ఉండి చేశాను మామయ్యా. పెద్ద పనే. చీటీ పాడాను, ఐదు లక్షలది. ఇంకా 18 నెలలు కట్టాలి. ష్యూరిటీకి ఒక ఉద్యోగస్తుడి సంతకం, జీతం సర్టిఫికెట్ అడుగుతున్నారు. మీరు పెట్టగలరేమోనని. ఇప్పుడే చెప్పక్కర్లేదు, అత్తయ్యతో మాట్లాడుకుని ఆదివారం చెప్పండి. కుదరదన్నా నేనేమీ అనుకోను.’

ఇదంతా గట్టిగా లెక్కేస్తే ఒకటిన్నర నిమిషం. మొదటిదానికీ దీనికీ తేడా ఎక్కడుందో ఒక్కొక్కటే చూద్దాం. దెప్పుకి సాకు చెప్పలేదు. ‘బిజీగా ఉన్నా మామయ్యా’ అంటే ఇంకో దెప్పు వచ్చేది, ఎందుకంటే తీరిక లేనివాడికి ఇవాళ ఎలా తీరిందన్న ప్రశ్న దానికి ఆనుకునే ఉంటుంది. రాలేదని ఒప్పుకున్నాడు, అక్కడితో ఆ మాట తీరిపోయింది. తర్వాత అందరి క్షేమమూ ఒకేసారి అడక్కుండా, తనకి కిందటిసారి తెలిసిన ఒక్క సంగతినే అడిగాడు. కన్ను, చుక్కలు. ఇలాంటి ప్రశ్నకి మొక్కుబడి జవాబు చెప్పడం కష్టం, మొక్కుబడిగా అడగడం ఇంకా కష్టం, ఎందుకంటే అడగాలంటే గుర్తుండాలి. ‘పర్లేదు’ అన్న జవాబుని దాటెయ్యకుండా ఒక మెట్టు లోపలికి వెళ్లాడు. అక్కడితో ఆగాడు. మంచి డాక్టరెవరో, ఏ పసరు మంచిదో చెప్పబోలేదు. పలకరింపులో సలహా దూరితే పలకరించినవాడు పెద్దరికం మీదేసుకున్నట్టుంటుంది.

ఇక తాళం. ‘సరే, చెప్పరా’ అన్నది మామయ్య. ఫోన్ చేసినవాడు పని మీద చేశాడని మామయ్యకి మొదటి మాటలోనే తెలుసు. కానీ ఎప్పుడు వినాలన్నది తన చేతిలో ఉంచుకున్నాడు. మన మాటల్లో ‘చెప్పండి’ చేసే పని ఇదే. కోస్తాలో ‘ఆఁ చెప్పండి’ అన్నా, తెలంగాణలో ‘మంచిగున్నం, ఇగ చెప్పు, ఏం సంగతి’ అన్నా అర్థం ఒకటే: కుశలం అయింది, ఇప్పుడు నీ వంతు. ఆ మాట వినిపించాక మళ్లీ వెనక్కి వెళ్లి ‘పిల్లలెలా ఉన్నారు’ అంటే మొహమాటం కాస్తా నటనలా తయారవుతుంది. తెరిచిన తలుపులోంచి లోపలికి వెళ్లడమే మర్యాద.

ఒక్కోసారి ‘చెప్పండి’ రాదు. అవతలివాళ్లు కబుర్ల మనిషి కావచ్చు, మీరు పని మీద చేశారని తట్టకపోవచ్చు. అప్పుడు మనమే తీసుకోవాలి, కానీ వాళ్ల మాట ఒకటి ముగిసి చిన్న విరామం వచ్చినప్పుడు తీసుకోవాలి. ‘మీతో ఒక విషయం మాట్లాడాలని చేశానండీ, ఇప్పుడు వీలుంటుందా?’ అంటే చాలు. ఇందులో పని ఇంకా చెప్పలేదు, చెప్పడానికి అనుమతే అడిగాం. బస్సులో ఉన్నానని, భోంచేస్తున్నానని చెప్పి రాత్రికి చెయ్యమనే వీలు వాళ్లకి మిగిలింది.

మనకి బాగా అలవాటైన ఇంకో మాట ఉంది, ‘ఊరికే చేశానండీ’. ఏంటి ఫోన్ చేశారని అవతలివాళ్లు అడగ్గానే సంకోచం కొద్దీ నోట్లోంచి అదే వచ్చేస్తుంది. అన్నాక ఇక పని ఎత్తడానికి దారి లేదు. ఎత్తితే ఊరికే అన్నది అబద్ధమని తేలిపోతుంది. ఎత్తకపోతే ఫోన్ దండగ. ఆ ఇరుకులోంచి పుట్టుకొచ్చేదే చివర్లో వచ్చే ‘అన్నట్టు’. ఇడ్లీ పిండి రుబ్బే మిషన్ రెండు రోజులకి ఇవ్వమని అడగడానికి ‘అన్నట్టు’ ఫర్వాలేదు. లక్షల పూచీ అడిగేటప్పుడు మాత్రం పనికిరాదు. అంత బరువైన మాటని మర్చిపోయి గుర్తొచ్చినట్టు చెబితే, అంతసేపూ చెప్పుకున్న కబుర్లన్నీ దీనికోసమేనా అని అవతలివాళ్లు వెనక్కి తిరిగి లెక్కేసుకుంటారు. అత్తయ్య కన్ను గురించి నిజంగా ఆదుర్దాపడి అడిగినా, అదీ ఆ లెక్కలోకే పోతుంది.

ఆ మేనల్లుడు చెయ్యని పని ఒకటుంది. సోమవారం అత్తయ్యని ఆస్పత్రికి తను తీసుకెళ్తానని ఆ ఫోన్లో అనలేదు. మనసులో వచ్చే ఉంటుంది. సంతకం అడిగే ముందు అంటే ఎరలా ఉంటుంది, అడిగాక అంటే ధరలా ఉంటుంది. తీసుకెళ్లాలనుకుంటే మర్నాడు విడిగా ఫోన్ చేసి అత్తయ్యతోనే చెప్పాలి. మామయ్య సంతకం పెట్టనని చెప్పినా తీసుకెళ్లాలి. పలకరింపునీ పనినీ ఒకే ఫోన్లో చెయ్యొచ్చు గానీ ఒకదానికి ఇంకొకటి చెల్లు వెయ్యకూడదు.

ఏం అడగాలన్నదానికి ఇంకొంచెం చెప్పాలి. మనవాళ్లకి కుశలప్రశ్న పేరుతో లెక్కలడిగే అలవాటు ఎక్కువ. అమ్మాయి పెళ్లి కుదిరిందా, అబ్బాయికి ఉద్యోగం వచ్చిందా, విశేషం ఏమైనా ఉందా అని. వీటికి ‘లేదు’ అన్న జవాబు చెప్పేవాళ్ల గొంతులో ఎలా పలుకుతుందో ఒకసారి వినండి. వాళ్లే చెబితే వినాలి గానీ మనంతట మనం అడగాల్సినవి కావు. చాలాకాలం తర్వాత మాట్లాడేటప్పుడు పేరు పెట్టి ‘నాన్నగారెలా ఉన్నారు?’ అని అడగడంలోనూ ప్రమాదముంది. ఆయన పోయి ఏడాదైందని వినాల్సి రావచ్చు. ‘ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు?’ అంటే చెప్పాల్సింది వాళ్లే చెబుతారు. దగ్గరివాళ్లని ఒక్క సంగతి పట్టుకుని అడగాలి, దూరమైపోయినవాళ్లని అందరినీ కలిపి అడగాలి.

చావు జరిగిన ఇంటికి ఇవేవీ వర్తించవు. అక్కడ ‘బాగున్నారా’ అనం, వెళ్లేటప్పుడు ‘వెళ్లొస్తాం’ అని కూడా అనం. ఫోన్లో అయితే ‘విషయం తెలిసిందండీ’ అన్నదే మొదటి మాట, దాని తర్వాత వాళ్లు ఎంత మాట్లాడితే అంత. కర్మకాండలు అయ్యేదాకా పని ఊసెత్తకపోవడం ఉత్తమం. ఎత్తక తప్పని పనైతే ఆ ఇంటి వేరే మనిషితో మాట్లాడాలి.

డాక్టర్ గది ముచ్చట ఇంకోలా ఉంటుంది. పెద్దవాళ్లని తీసుకెళ్లినవాళ్లకి ఇది అనుభవమే. డాక్టరు గారు తల ఎత్తి ‘బాగున్నారామ్మా?’ అంటారు. ‘బాగున్నాను బాబూ, మీరు బాగున్నారా?’ అంటుంది రాత్రంతా దగ్గి నిద్రపోని పెద్దావిడ. ఆవిడ తన మర్యాద తను పాటించింది. తొందరలో ఉన్న డాక్టరు అది రోగం గురించిన జవాబనుకుంటే, పాత మందులే వాడమని చీటీ రాసేసే ప్రమాదం ఉంది. తెలిసిన డాక్టర్లు పలకరింపుకి పలకరింపుగానే బదులిచ్చి, ఒక్క క్షణం ఆగి, ‘ఇప్పుడు చెప్పండి, ఒంట్లో ఎలా ఉంది?’ అని విడిగా అడుగుతారు. రేషన్ డిపోలో, బ్యాంకు కౌంటర్లో, సచివాలయంలో కూర్చునేవాళ్లకీ ఇదే పద్ధతి పనికొస్తుంది. ‘బాగున్నారా సార్’ అంటూ వచ్చిన రైతుకి ‘ఏం కావాలి?’ అని ఎదురు ప్రశ్న వేస్తే, అతను చేతిలో కాగితాన్ని మడతపెట్టుకుంటూ సగం చెబుతాడు, సగం మింగుతాడు. ‘బాగున్నానండీ, కూర్చోండి. మీ ఊళ్లో వాన పడిందా? చెప్పండి, ఏ పని మీద వచ్చారు?’ అనడానికి పట్టేది పది సెకన్లు. క్యూ పెద్దదైతే వాన మాట వదిలెయ్యొచ్చు, ‘బాగున్నానండీ, చెప్పండి’ మాత్రం వదలకూడదు.

వాట్సాప్‌లో ఈ వరస తలకిందులైంది. ‘బాగున్నారా అండీ’ అని ఒక సందేశం పెట్టి జవాబు కోసం ఎదురుచూస్తారు. రెండేళ్లుగా మాటల్లేని మనిషి నుంచి ఆ రెండు ముక్కలూ వస్తే, చూసినవాళ్లకి ముందు అనుమానమే కలుగుతుంది: అప్పా, చందానా, ఓటా? జవాబిచ్చే ముందే గుండె బిగపట్టుకుంటారు. ఎదురుగానో ఫోన్లోనో ఉన్న గొంతూ, విరామమూ, నవ్వూ అక్కడ లేవు కాబట్టి రాసేటప్పుడు పాత ఉత్తరం పద్ధతే మేలు. కుశలమూ విషయమూ ఒకే సందేశంలో ఉండాలి. ‘నమస్తే అన్నయ్యా, అందరూ బాగున్నారని తలుస్తాను. చెల్లి పరీక్షలు ఎలా రాసింది? మా అబ్బాయికి మీ ఊళ్లో హాస్టల్ చూడాల్సి వచ్చింది, ఆ విషయం అడుగుదామని రాస్తున్నాను. వీలైనప్పుడు చెప్పండి’ అని రాస్తే, చదివినవాళ్లు వీలు చూసుకుని, ఏం చెప్పాలో ఆలోచించుకుని మరీ జవాబిస్తారు.

మరి అలా ఒంటరిగా వచ్చిన ‘బాగున్నారా’కి మనం ఎలా బదులివ్వాలి? అనుమానంతో ‘ఏంటి విషయం?’ అనడం మోటుగా ఉంటుంది. ‘బాగున్నాం’ అని ఒక్క మాట రాసి వదిలేస్తే అవతలివాళ్లు ఇంకో రెండుసార్లు తచ్చాడతారు. ‘బాగున్నామండీ. మీరెలా ఉన్నారు? చాలా రోజులైంది. ఏదైనా పని ఉంటే మొహమాటపడకుండా చెప్పండి’ అంటే, పని ఉన్నవాళ్లు హాయిగా చెబుతారు. లేనివాళ్లు ‘ఏం లేదండీ, ఊరికే’ అంటారు. అప్పుడు ఆ ‘ఊరికే’ నిజమే.

నా దృష్టిలో ఈ మొత్తంలో ఎక్కువ బాధ్యత ఉన్నది అడగడానికి వచ్చినవాళ్ల మీద కన్నా అడిగించుకునేవాళ్ల మీద. అవసరంలో ఉన్న మనిషి ‘చెప్పండి’ అన్న పిలుపు కోసం చూస్తూ ఉంటాడు. పై అధికారులూ, ఉన్నవాళ్లూ, ఇంట్లో పెద్దలూ ఆ పిలుపుని ఆలస్యం చేసి అతని అవస్థ చూస్తుండటం నేను చాలాసార్లు చూశాను. తెలియక చేసేవాళ్లు కొందరు, తెలిసి చేసేవాళ్లు ఇంకొందరు. ఈసారి మీ మేనల్లుడో, పాత పక్కింటివారో, మీ ఇంట్లో పనిచేసి మానేసిన మనిషో ఫోన్ చేసి బాగున్నారా అంటే, బాగున్నామని చెప్పండి, వాళ్లని కూడా అడగండి, జవాబు పూర్తిగా వినండి. ఆ తర్వాత వాళ్లు వెతుక్కోనవసరం లేకుండా మీరే ముందుగా ‘చెప్పండి’ అనండి.